వాకీటాకీ జతలో ఒకరి మాట ఒకరికి వినపడకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి హాల్లో వంటశాలకీ పార్కింగ్‌కీ మధ్య, తోటలో మోటారు షెడ్డుకీ పైపు చివరకీ మధ్య, అపార్ట్‌మెంట్ గేటుకీ సెల్లార్‌కీ మధ్య మాట్లాడుకోవడానికి చిన్న వాకీటాకీలు కొనేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లందరి నుంచీ అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటే ఒకచోట చేర్చాం. ఇవి మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగే 446 మెగాహెర్ట్జ్ చేతి సెట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లిపోవచ్చు.

## కొన్న మొదటి రోజు

రెండు సెట్లూ ఆన్ అయ్యాయి, కానీ ఒకదాని మాట ఇంకోదాంట్లో రావట్లేదు. ముందు ఏం చూడాలి?

ముందు రెండింట్లోనూ ప్రైవసీ కోడ్‌ను సున్నా చేయండి. తెర మీద 0 అనో OFF అనో కనిపించాలి. తర్వాత రెండింటినీ ఒకే ఛానెల్‌కు తెచ్చి, వాల్యూమ్ సగానికి పైన పెట్టండి. ఇయర్‌ఫోన్ గుచ్చి ఉంటే తీసేయండి. అది సగం దిగి ఉన్నా స్పీకర్ మూగబోతుంది. ఇప్పుడు ఒకరు పక్క గదిలోకి వెళ్లి, బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి మాట్లాడాలి. రెండోవాళ్లు తమ బటన్ ముట్టుకోకూడదు. నొక్కి ఉంచినంతసేపూ ఆ సెట్ పంపుతుందే తప్ప వినదు కాబట్టి, ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఇద్దరికీ ఏమీ వినపడదు.

చాలా జతలు ఇక్కడే పలుకుతాయి. కొత్త సెట్లలో గోల ఎక్కువగా కోడ్‌ది, అందుకే ఛానెల్ కంటే ముందు కోడ్ తీసేయమంటున్నాం. కోడ్ లేకుండా పలికిన జతకు ఆ తర్వాత కావాలంటే కోడ్ పెట్టుకోవచ్చు.

పక్కపక్కన పెట్టి టెస్ట్ చేస్తే కీచుమని అరుస్తున్నాయి. పాడయ్యాయా?

లేదు, రెండూ పనిచేస్తున్నాయి. ఒక సెట్ స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దం రెండో సెట్ మైకులోకి వెళ్లి మళ్లీ స్పీకర్‌కే చేరుతూ ఉంటే ఆ అరుపు పుడుతుంది. మీటింగుల్లో మైకు స్పీకర్ దగ్గరికెళ్తే జరిగేది ఇదే. ఒకరు ఇరవై అడుగులు అవతలికో, గోడ చాటుకో వెళ్లండి.

దగ్గర పెట్టి చేసే పరీక్షకు ఇంకో లోపం కూడా ఉంది. అడుగు దూరంలో సిగ్నల్ ఎంత బలంగా ఉంటుందంటే, యాంటెన్నా తెగిపోయిన సెట్ కూడా బాగానే పలుకుతుంది. కొట్లో కౌంటర్ మీద బాగా పలికిన జత ఇంటికెళ్లి వీధి చివర మూగబోవడానికి కారణం ఇదే కావచ్చు. వీలైతే కొట్టు బయటికొచ్చి, ఒక వీధి పొడవునా నడిచి చూసి తీసుకోండి.

మా అబ్బాయి అమెరికా నుంచి ఒక జత తెచ్చాడు. ఇక్కడ కొన్న సెట్‌తో అది కలవదేం? రెండింట్లోనూ ఛానెల్ 1 పెట్టాం.

ఛానెల్ నంబరు ఒకటే గానీ దాని వెనకున్న ఫ్రీక్వెన్సీ వేరు. అమెరికాలో అమ్మే ఎఫ్‌ఆర్‌ఎస్ సెట్లలో ఛానెల్ 1 అంటే 462.5625 మెగాహెర్ట్జ్. ఇక్కడి లైసెన్సు అక్కర్లేని సెట్లలో ఛానెల్ 1 అంటే 446.00625 మెగాహెర్ట్జ్. వీటి మధ్య 16 మెగాహెర్ట్జ్‌కు పైగా తేడా ఉంది. ఏ కోడ్ మార్చినా, ఏ బ్యాటరీ వేసినా అవి ఒకదాన్నొకటి వినలేవు. అమెరికా సెట్‌లో ఛానెళ్లు 22 ఉంటాయి గానీ వాటిలో ఒక్కటి కూడా 446లో లేదు.

అమెరికా సెట్లు రెండూ ఒకదానితో ఒకటి బాగానే మాట్లాడుకుంటాయి. కానీ ఆ ఫ్రీక్వెన్సీలు మన దగ్గర లైసెన్సు లేకుండా వాడుకోవడానికి వదిలినవి కావు. అక్కడి బంధువుల దగ్గరకు వెళ్లినప్పుడు వాడుకోవడానికి దాచుకోండి.

లైసెన్సు లేకుండా ఏ సెట్ అయినా వాడొచ్చా?

వాడకూడదు. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. ఆ మోడల్‌కు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ అనుమతి కూడా ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే చాలా సెట్లు 400 నుంచి 470 దాకా ఎక్కడైనా పనిచేసేలా తయారైనవి. పోలీసులు, ఇతర సంస్థలు వాడుకునే ఫ్రీక్వెన్సీల్లోకి అవి తెలియకుండానే చొరబడగలవు. ఈ అమ్మకాల మీద 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా తెచ్చింది. కొనేముందు ఫ్రీక్వెన్సీ ఎంతో, ఈటీఏ ఉందో లేదో అడగండి. అమ్మేవాళ్లు ఈ రెండూ చెప్పలేకపోతే అక్కడ కొనకపోవడమే మంచిది.

## ఛానెల్ కలపడం

రెండూ 446 సెట్లే, రెండింట్లోనూ ఛానెల్ 12 ఉంది. అయినా ఎందుకు కలవట్లేదు?

రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయితే ఛానెల్ నంబరును నమ్మొచ్చు. వేర్వేరువైతే ఫ్రీక్వెన్సీ చూసుకోవాలి. 446 పట్టీలో మామూలు సెట్లకు 12.5 కిలోహెర్ట్జ్ ఎడంతో 16 ఛానెళ్లు ఉన్నాయి. మొదటిది 446.00625, రెండోది 446.01875, అలా పెరుగుతూ 16వది 446.19375. యూరప్‌లో మొదట వచ్చిన పాత సెట్లలో మొదటి ఎనిమిదే ఉండేవి. అలాంటి సెట్ చేతిలో ఉంటే 9 నుంచి 16 దాకా ఉన్నవి దానికి అందవు. అందుకే కలగలుపు సెట్లు ఉన్నచోట 1 నుంచి 8 లోపు ఛానెల్ పెట్టుకోవడం తేలిక.

పైన గుండ్రంగా తిప్పే నాబ్ ఉండి, తెర లేని సెట్ అయితే కథ వేరు. అందులో నాబ్ మీద 3 అని ఉన్నంత మాత్రాన అది 446లోని మూడో ఛానెల్ కాదు. కంప్యూటర్‌కు కేబుల్ తగిలించి ఎవరు ఏది నింపితే అదే మూడు. అమ్మినవాళ్ల దగ్గర ఛానెళ్ల జాబితా రాయించుకోండి. జాబితా ఇవ్వలేమంటే, ఆ సెట్లను జతగానే తప్ప వేరే సెట్లతో కలిపి వాడే ఆశ పెట్టుకోకండి.

ఛానెల్ తనంతట తానే మారిపోతోంది. నంబర్లు పరిగెడుతున్నాయి.

స్కాన్ ఆన్ అయింది. సెట్ ఒక్కో ఛానెల్‌నూ తడుముతూ ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. ఆ సమయంలో మీరు బటన్ నొక్కితే ఏ ఛానెల్‌లో మాట వెళ్తుందో మోడల్‌ను బట్టి ఉంటుంది, అవతలివాళ్లు వేరే ఛానెల్‌లో ఉంటే వాళ్లకు చేరదు. SCAN అని రాసి ఉన్న బటన్ నొక్కితే ఆగుతుంది. కొన్ని నాబ్ సెట్లలో 16వ స్థానమే స్కాన్‌గా పెట్టి ఉంటుంది, అక్కడి నుంచి తిప్పేస్తే చాలు.

ఛానెల్ కలిపాక కీలాక్ వేయండి. తాళం గుర్తు కనిపిస్తుంది. జేబులో పెట్టుకున్నప్పుడు బటన్లు ఒత్తుకుని ఛానెల్ మారిపోవడం చాలా మామూలు, పిల్లల చేతికిచ్చిన సెట్లలో ఇంకా ఎక్కువ.

## ప్రైవసీ కోడ్

అసలు ప్రైవసీ కోడ్ ఏం చేస్తుంది?

అవతలి సెట్ స్పీకర్‌ను ఎప్పుడు తెరవాలో చెబుతుంది, అంతే. కోడ్ పెట్టిన సెట్ మీ మాటతో పాటు, చెవికి తెలియనంత సన్నగా ఒక స్వరాన్ని కూడా పంపుతుంది. ఉదాహరణకు చాలా సెట్లలో కోడ్ 1 అంటే 67.0 హెర్ట్జ్ స్వరం. వినే సెట్‌లో కూడా అదే కోడ్ ఉంటే, ఆ స్వరం గుర్తుపట్టినప్పుడే స్పీకర్ తెరుచుకుంటుంది. స్వరం లేకపోయినా, వేరే స్వరం వచ్చినా సిగ్నల్ అందుతుంది గానీ స్పీకర్ మూసే ఉంటుంది. తెర మీద CTCSS అని కనిపించేది ఈ పద్ధతే.

ఛానెల్ అనేది రోడ్డు అనుకుంటే కోడ్ గేటు దగ్గర కాపలా లాంటిది. రోడ్డు మాత్రం అందరిదీ. అదే ఛానెల్‌లో వేరే కోడ్‌తో ఇంకో బృందం మాట్లాడుతుంటే మీకు ఏమీ వినపడదు, కానీ ఆ సమయంలో మీ మాట వాళ్ల మాటతో గుద్దుకుంటుంది. ఎవరూ మాట్లాడట్లేదనుకుని నొక్కడానికి ముందు, లైటు వెలుగుతోందేమో చూడటం మంచిది.

నా మాట వాళ్లకు వినపడుతోంది, వాళ్ల మాట నాకు రావట్లేదు. తప్పు ఎవరి సెట్‌ది?

మొదటి అనుమానం మీ సెట్‌లోని కోడ్ మీద. కోడ్ సున్నా ఉన్న సెట్ అందరి మాటా వింటుంది. కోడ్ ఉన్న సెట్ సరైన స్వరం వస్తేనే వింటుంది. మీ సెట్‌లో కోడ్ 5 ఉండి వాళ్ల సెట్‌లో సున్నా ఉంటే, మీ మాట వాళ్లకు చక్కగా వెళ్తుంది. వాళ్ల మాట మీ దాకా వచ్చి స్పీకర్ దగ్గర ఆగిపోతుంది. వాళ్లేమో "మాకు బాగానే వినపడుతోంది, మీదే పాడైంది" అంటారు. సగం నిజమే, సరిచేయాల్సింది మీ సెట్‌నే, కానీ అది పాడవలేదు.

ఖాయం చేసుకోవాలంటే మీ సెట్ పక్కనున్న మానిటర్ బటన్ నొక్కి పట్టుకోండి. MON అని ఉంటుంది, లేదా ఏదో ఒక బటన్‌ను ఎక్కువసేపు నొక్కాలి. అది కోడ్‌నూ, సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ను మూసి ఉంచే స్క్వెల్చ్‌నూ పక్కన పెట్టి స్పీకర్‌ను తెరిచేస్తుంది, బుస్‌మని శబ్దం వస్తుంది. ఇప్పుడు అవతలివాళ్లను మాట్లాడమనండి. మాట వినిపిస్తే కోడ్ తేడానే. బుస్ ఆగిపోయి నిశ్శబ్దం వస్తే సిగ్నల్ వస్తోంది గానీ మాట రావట్లేదు, అవతలి సెట్ మైకు రంధ్రం మూసుకుపోయిందో, మైకు పోయిందో. బుస్ అలాగే కొనసాగితే సిగ్నలే రావట్లేదు. అప్పుడు ఛానెల్, అవతలి సెట్ బ్యాటరీ, యాంటెన్నా చూడాలి. ఈ ఒక్క బటన్‌తో వెతకాల్సిన చోటు మూడింట ఒక వంతుకు తగ్గిపోతుంది. అయినా దీన్ని వాడేవాళ్లు చాలా తక్కువ.

వాళ్లు మాట్లాడినప్పుడు ఆకుపచ్చ లైటు వెలుగుతోంది గానీ శబ్దం రావట్లేదు.

చాలా సెట్లలో ఆకుపచ్చ లైటు అంటే ఆ ఛానెల్‌లో సిగ్నల్ అందుతోందని. అంటే ఛానెల్ సరిపోయింది, అవతలి సెట్ పంపుతోంది, యాంటెన్నాలు పనిచేస్తున్నాయి. ఇక మీ సెట్‌లో చూడాల్సినవి మూడే: మీ వాల్యూమ్ పూర్తిగా తగ్గి ఉండటం, ఇయర్‌ఫోన్ రంధ్రంలో ఏదో ఇరుక్కుని స్పీకర్ కట్ అవడం, కోడ్ కలవకపోవడం. కోడ్ సున్నా చేసి చూడండి. వాల్యూమ్ పెంచినా, కోడ్ తీసినా మాట రాకపోతే ఇయర్‌ఫోన్ పిన్నును రెండు మూడుసార్లు గుచ్చి తీయండి. లోపలి రేకు అతుక్కుపోయి ఉంటే అలా వదులవుతుంది.

రెండు కంపెనీల సెట్లు. ఛానెల్ 3, కోడ్ 12 రెండింట్లోనూ ఉన్నాయి. కోడ్ తీస్తే పలుకుతున్నాయి, పెడితే మూగబోతున్నాయి!

ఇది కోడ్ నంబర్ల జాబితాలో ఒక్క మెట్టు తేడా. కోడ్ నంబరు అనేది కంపెనీ ఇచ్చిన వరస సంఖ్య మాత్రమే. గాల్లో వెళ్లేది స్వరం. 38 కోడ్‌లున్న సెట్లలో వరస సాధారణంగా ఇలా మొదలవుతుంది: కోడ్ 1 అంటే 67.0 హెర్ట్జ్, కోడ్ 2 అంటే 71.9, కోడ్ 3 అంటే 74.4. కొన్ని కంపెనీలు 67.0కీ 71.9కీ మధ్య 69.3ను కూడా చేర్చుకున్నాయి. దాంతో వాటిలో కోడ్ 2 అంటే 69.3 అయింది, 71.9 మూడో నంబరుకు జరిగింది, అక్కడి నుంచి అన్నీ ఒక్కో మెట్టు కిందికి దిగాయి.

మీ కోడ్ 12 సంగతే చూద్దాం. మొదటి రకం సెట్‌లో కోడ్ 12 అంటే 100.0 హెర్ట్జ్. రెండో రకంలో కోడ్ 12 అంటే 97.4. తెర మీద రెండూ 12 అనే చూపిస్తున్నా, ఒకటి 100.0 పంపుతోంది, ఇంకోటి 97.4 కోసం ఎదురుచూస్తోంది. అందుకే రెండు వైపులా నిశ్శబ్దం. రెండో సెట్‌ను 13కు మార్చండి, అక్కడ 100.0 ఉంటుంది. వెంటనే రెండువైపులా పలుకుతాయి.

ఏ సెట్ ఏ రకమో తెలుసుకోవాలంటే మాన్యువల్ చివర ఉండే పట్టిక చూడాలి. కాగితం పోయిందా? ఒక సెట్‌ను కోడ్ 12 మీద ఉంచి అవతలివాళ్లను మాట్లాడుతూ ఉండమని, రెండో సెట్‌ను 11, 12, 13 మీద పెట్టి చూడండి. ఎక్కడ తెరుచుకుంటే అదే జోడీ. అసలు ఈ తలనొప్పి వద్దనుకుంటే కోడ్ 1 వాడండి. 67.0 దగ్గర రెండు జాబితాలూ ఒకటే.

ఒకదాంట్లో CTCSS అని, ఇంకోదాంట్లో DCS అని ఉంది. కలుస్తాయా?

కలవవు. మొదటిది ఒకే స్వరాన్ని ఆపకుండా పంపే పద్ధతి, రెండోది ఒక సంఖ్యను మాటతో పాటు మళ్లీ మళ్లీ పంపే డిజిటల్ పద్ధతి. రెండు సెట్లలోనూ ఒకే రకం ఉండాలి. DCS వాడితే మూడంకెల సంఖ్య తర్వాత వచ్చే అక్షరం కూడా చూసుకోండి. D023N, D023I రెండూ ఒకటి కావు, చివరి అక్షరం సిగ్నల్ తిరగేసి ఉందో లేదో చెబుతుంది. 100కు పైగా కోడ్‌లున్నాయని పెట్టె మీద రాసిన సెట్లలో తరచుగా మొదటి 38 స్వరాలు, ఆ పైవి DCS. అందుకే అలాంటి సెట్‌లో కోడ్ 45 పెట్టి, 38 కోడ్‌ల సెట్‌తో మాట్లాడాలని చూస్తే కుదరదు.

కోడ్ పెడితే మా మాటలు ఇంకెవరూ వినలేరు కదా?

వినగలరు. ప్రైవసీ అనే పేరు అమ్మకం కోసం పెట్టినదే. మీ ఛానెల్‌లో కోడ్ సున్నా పెట్టుకున్న ప్రతివాళ్లకూ మీ మాట పదం పదం వినిపిస్తుంది. కోడ్ మీ చెవిని మాత్రమే కాపాడుతుంది, మీ నోటిని కాదు. డబ్బు లెక్కలు, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి, తాళం ఎక్కడ పెట్టారన్నది వాకీటాకీలో చెప్పకండి.

## బ్యాటరీ

అందరి మాటా వినపడుతోంది. నేను నొక్కి మాట్లాడబోతే సెట్ ఆరిపోతోంది.

బ్యాటరీ అయిపోవచ్చింది, లేదా వేసిన రకం సరిపోదు. వినేటప్పుడు సెట్‌కు కొద్దిపాటి కరెంటు చాలు. పంపేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. నీరసపడిన బ్యాటరీ వినడానికి గంటలపాటు సరిపోతుంది, బటన్ నొక్కగానే వోల్టేజీ పడిపోయి సెట్ ఆగిపోతుంది. కొన్ని సెట్లు ఆరిపోకుండా ఒక బీప్ ఇచ్చి పంపడం మానేస్తాయి. అప్పుడు మీకు అన్నీ వినపడుతూనే ఉంటాయి కాబట్టి మీ మాట వెళ్లట్లేదని మీకే తెలియదు. నొక్కినప్పుడు ఎర్ర లైటు వెలిగి, నిలకడగా ఉందా లేదా చూడండి.

తెర మీద బ్యాటరీ గుర్తు నిండుగా ఉన్నా నమ్మకండి. అది ఊరికే ఉన్నప్పటి వోల్టేజీ. బటన్ నొక్కి పట్టుకున్నప్పుడు ఆ గుర్తు రెండు గీతలు పడిపోతే బ్యాటరీకి వయసైపోయినట్టే.

పెన్సిల్ బ్యాటరీల సెట్. గోడ గడియారానికి వేసేవి వేయొచ్చా?

వేస్తే సెట్ ఆన్ అవుతుంది గానీ మాట్లాడటం మొదలుపెట్టగానే నీరసపడుతుంది. గడియారానికీ రిమోట్‌కీ వాడే చవక జింక్ కార్బన్ సెల్స్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వలేవు. ఆల్కలైన్ వేయండి, లేదా రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్. రీఛార్జబుల్ సెల్ 1.2 వోల్టులే ఇస్తుంది, ఆల్కలైన్ 1.5. మూడు సెల్స్ సెట్‌లో అది 3.6కూ 4.5కూ తేడా. అందుకే రీఛార్జబుల్ వేసినప్పుడు బ్యాటరీ గుర్తు మొదటినుంచీ కొంచెం తక్కువ చూపవచ్చు, కంగారు పడక్కర్లేదు.

పాతవీ కొత్తవీ కలిపి వేయకండి, మూడింట్లో బలహీనమైనదే మొత్తాన్ని కిందికి లాగుతుంది. ఆల్కలైన్ వేసిన సెట్‌ను ఛార్జింగ్ స్టాండ్‌లో పెట్టకండి. అవి ఛార్జ్ అయ్యేవి కావు, వేడెక్కి కారిపోతాయి.

నిరుడు జాతరకు వాడి లోపల పెట్టాం. ఇప్పుడు తీస్తే ఒకటి ఆన్ అవ్వట్లేదు.

బ్యాటరీ మూత తీసి స్ప్రింగుల మీద తెల్లటి పొడి, ఆకుపచ్చ చిలుము ఉందేమో చూడండి. ఆల్కలైన్ సెల్ కారితే క్షారం బయటికొచ్చి రేకులను తినేస్తుంది. చర్మానికి మంట పుట్టిస్తుంది కాబట్టి చేతికి తొడుగు వేసుకోండి. సెల్స్ తీసేసి, దూదిపుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి రుద్దండి. తర్వాత తడి దూదితో, ఆ తర్వాత పొడి గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. మిగిలిన మచ్చను పెన్సిల్ రబ్బరుతో రుద్దితే రేకు మెరుస్తుంది. స్ప్రింగ్ విరిగిపోయి ఉంటే మెకానిక్ పని.

లిథియం ప్యాక్ సెట్ అయితే పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి బీరువాలో పడేయకండి. నెలల తర్వాత ఛార్జర్ దాన్ని గుర్తించకపోవచ్చు. సగం ఛార్జ్‌తో, సెట్ నుంచి విడదీసి, చల్లటి చోట పెట్టాలి.

## యాంటెన్నా, దూరం

పెట్టె మీద 10 కిలోమీటర్లు అని ఉంది. మాకు రెండు వీధులు దాటితే రావట్లేదు.

ఆ 10 కిలోమీటర్లు రెండు గుట్టల మీద నిలబడి, మధ్యలో ఏదీ అడ్డం లేకుండా మాట్లాడితే వచ్చే దూరం. మైదానంలో నిలబడిన మనిషి చేతిలో, భూమికి మీటరున్నర ఎత్తులో ఉన్న సెట్‌కు భూమి వంపు వల్లే చూపు హద్దు సుమారు 4.4 కిలోమీటర్లు. ఇద్దరిదీ కలిపితే 9కి కాస్త తక్కువ. అంటే ఒక్క చెట్టూ ఇల్లూ లేని ఎడారిలో కూడా నేల మీద 10 రాదు. ఈ సెట్ల శక్తి మామూలుగా అర వాట్. కాంక్రీటు భవనాల మధ్య అర కిలోమీటరు నుంచి ఒకటి వస్తే సరిగ్గా పనిచేస్తున్నట్టే లెక్క. చేల మధ్య రెండు దాకా ఆశించవచ్చు. దట్టమైన మామిడి తోట, అందులోనూ వాన పడి ఆకులు తడిసి ఉంటే బాగా తగ్గుతుంది. సెల్లార్, లిఫ్టు, రేకుల షెడ్డు లోపలికి దాదాపు రాదు.

దూరం పెంచుకోవడానికి ఖర్చులేని మార్గం ఎత్తు. ఇద్దరిలో ఒక్కరు మేడ మీదికో, గట్టు మీదికో ఎక్కినా తేడా తెలుస్తుంది. షెడ్డులో ఉన్నవాళ్లు గుమ్మం బయటికి రెండడుగులు వేసినా చాలు.

యాంటెన్నా ఎటు తిప్పి పట్టుకోవాలి? అవతలివాళ్ల వైపు చూపించాలా?

చూపించకూడదు. నిలువుగా పట్టుకోవాలి, అవతలివాళ్లు కూడా నిలువుగానే. యాంటెన్నా కొస నుంచి సిగ్నల్ చాలా తక్కువగా వెళ్తుంది, పక్కలకు ఎక్కువగా వెళ్తుంది. టార్చిలైటులా అటువైపు గురిపెడితే ఉన్నది కూడా పోతుంది. ఒకరు నిలువుగా, ఒకరు అడ్డంగా పట్టుకున్నా నష్టమే. నడుముకు తగిలించుకుంటే ఒంటి అవతలివైపు సిగ్నల్ బాగా పడిపోతుంది, మన శరీరంలో ఉన్న నీరే అడ్డం. దూరం నుంచి సరిగా రానప్పుడు సెట్‌ను నడుము నుంచి తీసి ముఖం ఎత్తుకు తేండి, యాంటెన్నాను వేళ్లతో పట్టుకోకండి.

పెద్ద యాంటెన్నా కొని పెట్టొచ్చా?

లైసెన్సు లేకుండా వాడే సెట్లకు యాంటెన్నా విప్పడానికి వీల్లేకుండా వస్తుంది, దాన్ని అలాగే ఉంచాలి. విప్పగలిగే సెట్లు మీ దగ్గరుంటే అవి ఏ తరగతివో ముందు తేల్చుకోండి. పొడుగ్గా ఉన్నంత మాత్రాన మంచిది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 446 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం పొడవు దాదాపు 17 సెంటీమీటర్లు. రబ్బరు తొడుగు లోపల తీగను స్ప్రింగులా చుట్టడం వల్ల అది పొట్టిగా కనిపిస్తుంది. వేరే ఫ్రీక్వెన్సీకి చేసిన పొడుగాటి యాంటెన్నా తగిలిస్తే శక్తి బయటికి వెళ్లకుండా సెట్‌లోకే తిరిగి వచ్చి లోపలి భాగాలను వేడెక్కిస్తుంది. అసలు యాంటెన్నా లేకుండా మాట్లాడే బటన్ నొక్కకండి.

యాంటెన్నా పాడైందని ఎలా తెలుస్తుంది?

గదిలో బాగా వినపడి, వంద మీటర్లు దాటగానే రెండువైపులా మాయమైపోతే అనుమానించాలి. సెట్‌ను యాంటెన్నా పట్టుకుని ఊపుతూ నడిచేవాళ్ల సెట్లలో ఇది ఎక్కువ. మొదలు దగ్గర లోపలి తీగ తెగుతుంది, పైన రబ్బరు చెక్కు చెదరకుండా ఉంటుంది. మానిటర్ బటన్ నొక్కి దూరంగా ఉన్న మాట వింటూ, యాంటెన్నాను మెల్లగా అటూ ఇటూ వంచండి. మాట వస్తూ పోతూ ఉంటే తీగ తెగినట్టే.

## వాడుతున్నప్పుడు

ప్రతిసారీ మొదటి మాట తెగిపోతోంది. "రావద్దు" అంటే "వద్దు" అనే వినిపిస్తోంది.

బటన్ నొక్కిన వెంటనే మాట్లాడుతున్నారు. వినే సెట్ ఛార్జ్ ఆదా కోసం కునుకు తీస్తూ, మధ్యమధ్య లేచి సిగ్నల్ ఉందేమో చూస్తుంది. అది లేచి, కోడ్ స్వరాన్ని గుర్తుపట్టి, స్పీకర్ తెరిచేసరికి కొంత సమయం పడుతుంది. నొక్కాక ఒక క్షణం ఆగి మాట మొదలుపెట్టండి, మాట పూర్తయ్యాకే వేలు తీయండి. క్రేన్ దగ్గరో, మోటారు స్టార్టర్ దగ్గరో వాడుతుంటే ఇది చిన్న విషయం కాదు. "ఆన్ చేయకు" అనేదాంట్లో చివర తెగితే "ఆన్ చేయ" అని మిగులుతుంది. అలాంటిచోట "ఆపు", "నడుపు" లాంటి, ముక్క తెగినా అర్థం తారుమారు కాని మాటలు ఎంచుకుని, ఒక్కో మాటా రెండేసిసార్లు అనండి, అవతలివాళ్లు తిరిగి చెప్పాకే పని మొదలుపెట్టండి.

ఒక సెట్‌లో ఎప్పుడూ ఎర్ర లైటే. ఎవరికీ ఎవరి మాటా రావట్లేదు.

ఆ సెట్ ఆగకుండా పంపుతూనే ఉంది. అందువల్ల అది వినదు, ఆ ఛానెల్‌లో మిగతావాళ్లనూ మాట్లాడనివ్వదు. బటన్ కింద పిండో మట్టో చేరి ఇరుక్కుని ఉండొచ్చు, జేబులో ఒత్తుకుని ఉండొచ్చు. లేదా VOX ఆన్ అయి ఉండొచ్చు. అది శబ్దం వింటే చాలు బటన్ నొక్కకుండానే పంపేస్తుంది, బ్యాండు మేళం పక్కనుంటే ఇక ఆగదు. VOX ఆఫ్ చేసి, బటన్‌ను నాలుగైదుసార్లు నొక్కి వదలండి. ఇంకా వెలుగుతుంటే బ్యాటరీ తీసేయండి, సెట్ అప్పటికే వేడెక్కి ఉంటుంది.

అన్నీ చూశాం. జతలో ఏది పాడైందో తేల్చేదెలా?

పనిచేస్తుందని తెలిసిన మూడో సెట్ ఒకటి కావాలి. అదే మోడల్‌ది ఎవరి దగ్గరైనా కాసేపు అడిగి తీసుకోండి. మూడింట్లోనూ కోడ్ సున్నా, ఛానెల్ ఒకటే, నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీలు. మీ రెండు సెట్లనూ ఒక్కొక్కటిగా మూడోదానితో మాట్లాడించి, ఒక్కోదానికీ పంపడం, వినడం విడివిడిగా రాసుకోండి. ముందు పక్క గది నుంచి, తర్వాత వీధి చివర నుంచి.

పక్క గదిలో వింటోంది, వీధి చివర వినట్లేదు, పంపడం కూడా అంతే అయితే యాంటెన్నా. వింటోంది గానీ ఎంత దగ్గరున్నా పంపట్లేదంటే, బ్యాటరీ మార్చినా అదే పరిస్థితి ఉంటే పంపే భాగం పోయింది. పంపుతోంది గానీ మానిటర్ బటన్ నొక్కినా బుస్ కూడా రాకపోతే స్పీకర్ లేదా ఇయర్‌ఫోన్ రంధ్రం. ఈ చివరిది తక్కువ ఖర్చులో బాగవుతుంది. పంపే భాగం పోయిన చవక సెట్‌కు మాత్రం రిపేరు ఖర్చు కొత్త సెట్ ధరకు దగ్గరగా వస్తుంది. అప్పుడు విడి సెట్ కొనేముందు పాతదాని ఫ్రీక్వెన్సీ, కోడ్ పట్టిక పట్టుకెళ్లి కొట్లోనే కలిపి చూసుకోండి.